రాత్రి 1:10కి ఆయమ్మ చెప్పిన మాట

"సిస్టరమ్మా, తొమ్మిదో మంచం ముసలమ్మ పక్క తడిసింది. గుడ్డ మార్చాలి, ఓసారి వస్తావా?" అంది ఆయమ్మ.

"వస్తా ఆయమ్మా, ఈ సెలైన్ సంగతి చూసి వస్తా" అన్నాను.

గోడ గడియారంలో 1:10 అయింది. పక్క తడవడం ప్రాణం మీదికి వచ్చే పని కాదు, పది నిమిషాలు ఆగొచ్చు అనుకున్నాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. జీఎన్ఎం రెండో సంవత్సరం. జీవితంలో మొదటి నైట్ డ్యూటీ. అది ఒక జిల్లా ఆసుపత్రిలో ఆడవాళ్ల మెడికల్ వార్డు. 30 మంచాలు, 34 మంది పేషెంట్లు. మిగిలిన నలుగురికి కింద పరుపులు వేశారు. వానాకాలం జ్వరాల రోజుల్లో అంతే. ఇంతమందికీ కలిపి రాత్రి ఉన్నది ఒక స్టాఫ్ నర్సు, ఒక ఆయమ్మ, నేను. ఇది దాదాపు పదిహేనేళ్ల కిందటి మాట.

ఆ రాత్రి సంగతి నేను ఏటా కొత్త బ్యాచ్‌కి చెబుతాను. పుస్తకంలో 'ప్రాధాన్యక్రమం' అని ఒక పాఠం ఉంటుంది. ముందు ఊపిరి దారి, తర్వాత ఊపిరి, తర్వాత రక్తప్రసరణ, తర్వాత స్పృహ అని వరసగా రాసి ఉంటుంది. పరీక్షలో అందరూ తప్పుల్లేకుండా రాస్తారు. నేనూ రాశాను. వార్డులో రాత్రిపూట వచ్చే చిక్కు ఏమిటంటే, పేషెంట్లు ఆ వరసలో పిలవరు. అసలు పిలవాల్సినవాళ్లు చాలాసార్లు పిలవనే పిలవరు.

ఎనిమిదింటికి మధ్యాహ్నం డ్యూటీ వాళ్ల దగ్గర ఓవర్ తీసుకున్నాం. ఓవర్ అంటే ఒక్కో మంచం దగ్గరా ఆగి, ఎవరికి ఏ జబ్బు, ఏం మందులు పడ్డాయి, ఏం మిగిలాయి అని ఒకరు చెబుతూ ఇంకొకరు రాసుకోవడం. నేను ఒక తెల్లకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మంచం నంబరు ఎదురుగా మందు పేరు, టైము రాసుకున్నాను. రాత్రంతా చేయాల్సిన పనుల జాబితా చేతికొచ్చింది, ఇక భయం లేదనుకున్నాను.

మా సిస్టర్ కాగితం మీద మాత్రం మందులు లేవు. "మందులు కేస్ షీట్‌లో ఉంటాయి కదమ్మాయ్, మళ్లీ ఎందుకు?" అంది. ఆవిడ టార్చి తీసుకుని మరోసారి ఒంటరిగా వార్డంతా తిరిగింది. ఏ మందూ ఇవ్వలేదు. ఒక్కొక్కరి మొహం చూసింది, కొందరి పాదాలు పట్టుకుంది, కొందరి దగ్గర నిలబడి గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. తిరిగొచ్చి కాగితం మీద రెండు నంబర్ల చుట్టూ సున్నాలు చుట్టింది. 9, 21.

"ఈ 34 మందిలో రాత్రి మనల్ని పరిగెత్తించేది ఎవరనుకుంటున్నావు?" అని అడిగింది.

"నాలుగో బెడ్ సిస్టర్" అన్నాను ఆలోచించకుండా. నాలుగో మంచం పేషెంటు తాలూకు ఆడవాళ్లు ముగ్గురున్నారు. సాయంత్రం నుంచి ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఆవిడ నవ్వి ఊరుకుంది.

తొమ్మిదో మంచం మీద అరవై దాటిన ముసలమ్మ. షుగరుంది, కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి. కాలి పుండుతో చేరింది. సాయంత్రం ఏడున్నరకి ఇన్సులిన్ పడింది. ఇరవై ఒకటి డిగ్రీ చదివే అమ్మాయి. డెంగీ. ఐదో రోజు. ఆ సాయంత్రమే జ్వరం దిగింది. వాళ్లమ్మ సంతోషంగా మాతో చెప్పింది కూడా, "ఒళ్లు చల్లబడిందమ్మా, గండం గడిచింది" అని.

ఇక 1:10కి వద్దాం. సిస్టర్ వార్డు చివర కొత్తగా వచ్చిన కేసును చేర్చుకుంటూ ఉంది. నాలుగో మంచం దగ్గర ముగ్గురూ ఒకేసారి అరుస్తున్నారు: "సెలైన్ అయిపోయింది, రక్తం ఎక్కుతోంది, గాలి పోతే మనిషి పోతుంది!" పద్నాలుగో మంచం పెద్దావిడ మోకాళ్ల నొప్పికి ఇంజెక్షన్ కావాలని పిలుస్తోంది. ఇరవై ఒకటి అమ్మాయి వాళ్లమ్మ వచ్చి, "పాప మళ్లీ వాంతి చేసుకుంది" అని మెల్లగా చెప్పి వెళ్లింది. ఆయమ్మ పక్క తడిసిన సంగతి చెప్పింది.

నేను నాలుగు దగ్గరికి పరిగెత్తాను.

ఈ సెలైన్ భయం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆసుపత్రిలో ఎవరో ఒకరికి తోడుగా పడుకున్న ప్రతివాళ్లకీ ఇది ఉంటుంది. సీసా స్టాండుకు వేలాడుతూ సెలైన్ తన బరువుతోనే కిందికి దిగుతుంది. సీసా ఖాళీ అయ్యాక గొట్టంలో మిగిలిన నీటి మట్టం కొంతవరకు దిగి, నరంలోని ఒత్తిడితో సమానమైన చోట ఆగిపోతుంది. చెయ్యి కిందికి వేలాడితే గొట్టంలోకి కాస్త రక్తం వెనక్కి వస్తుంది. చూడటానికి భయంగా ఉంటుంది గానీ, ఆ స్థితిలో మనిషికి ముప్పు లేదు. సూదిలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే ఇంకో సూది గుచ్చాల్సి వస్తుంది, అదే నష్టం. గొట్టం మీద చిన్న చక్రంలాంటి క్లాంపు ఉంటుంది. నర్సు దాన్ని బొటనవేలితో దించి మూసేస్తే చాలు. ఐదు సెకన్ల పని.

నేను ఆ ఐదు సెకన్ల పని చేసి కదల్లేదు. కొత్త సీసా కోసం స్టోరుకెళ్లాను, తెచ్చి గుచ్చాను, గొట్టంలో బుడగలు తీశాను, చుక్కలు లెక్కపెట్టాను, ముగ్గురు ఆడవాళ్లకీ సమాధానం చెప్పాను. పద్నాలుగు దగ్గర ఆగి మోకాళ్ల కథ విన్నాను. వాళ్లు శాంతించారు. ఆ శాంతి చూసి నేను బాగా పనిచేస్తున్నానని కూడా అనుకున్నాను.

1:25కి సిస్టర్ తిరిగొచ్చింది. ఆయమ్మ ఆవిడతో మళ్లీ అదే మాట అంది. సిస్టర్ ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఎక్కడ తడిసింది ఆయమ్మా?"

"తలగడ, జాకెట్టు, వీపంతా."

"కింద?"

"కింద పొడిగానే ఉందమ్మా."

ఆవిడ చేతిలో కేస్ షీట్ బల్ల మీద పడేసి పరిగెత్తింది. వెనకాల నేను.

ముసలమ్మ ప్రశాంతంగా నిద్రపోతున్నట్టే ఉంది. మంచం పక్కనే నేల మీద మనవరాలు పడుకుని ఉంది. సిస్టర్ పేరు పెట్టి పిలిచింది, పలకలేదు. భుజం పట్టి కుదిపితే ఏదో గొణిగింది, కళ్లు తెరవలేదు. నుదురు చల్లగా, జిగటగా ఉంది. జాకెట్టు పిండితే నీళ్లు కారేట్టుంది. రాత్రి డ్యూటీలో కొత్తవాళ్లను మోసం చేసేది ఇదే. నిద్రా, మత్తూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. నిద్రపోయేవాళ్లు పిలిస్తే విసుక్కుంటారు. ఆ విసుగు వినిపించేదాకా నర్సుకు మనశ్శాంతి ఉండకూడదు.

గ్లూకోమీటర్‌లో 38 వచ్చింది. 70 లోపు ఉంటేనే షుగర్ తగ్గినట్టు లెక్క. 54 కిందికి పోతే అది ప్రమాదం. మెదడుకు సొంతంగా చక్కెర దాచుకునే కొట్టు దాదాపు లేదు. రక్తంలో వచ్చేది వచ్చినట్టే వాడుకుంటుంది. అది ఆగితే మొదట చెమట, గుండెదడ, తర్వాత తికమక మాటలు, తర్వాత మత్తు, ఫిట్స్. ఎక్కువసేపు అలాగే ఉండిపోతే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు.

మనవరాలు లేచి కంగారుగా గ్లాసులో పంచదార నీళ్లు కలిపి అవ్వ నోట్లో పోయబోయింది. సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపింది. మనిషి తెలివిగా ఉండి మింగగలిగితే అది మంచి మందే. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగిస్తే సుమారు 15 గ్రాముల చక్కెర లోపలికి వెళ్తుంది, పావుగంటలో తేడా తెలుస్తుంది. మత్తులో ఉన్నవాళ్లకు పోస్తే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక ప్రమాదం కాస్తా రెండవుతాయి.

ఇంకో రెండు నిమిషాల్లో 25 శాతం డెక్స్ట్రోజ్ 100 ఎం.ఎల్. సీసా నరంలోకి మొదలైంది. అంటే 25 గ్రాముల చక్కెర. దానికి మా వార్డులో డాక్టర్లు ముందే రాసి గోడకు అంటించిన ఆర్డరు ఉండేది, అందుకే ఫోన్ కలిసేదాకా ఆగాల్సిన పని రాలేదు. సీసా గుచ్చేముందు సిస్టర్ లేబుల్ నాకు చూపించి గట్టిగా చదవమంది. 25 శాతమూ 5 శాతమూ సీసాలు అలమరాలో పక్కపక్కనే ఉంటాయి, ఆ హడావుడిలో చెయ్యి ఏది తగిలితే అది తీసుకొస్తుంది. 25 శాతం చిక్కటి ద్రావణం. నరం దాటి బయటికి కారితే చుట్టూ కండ దెబ్బతింటుంది. అందుకని ఆవిడ సూది దగ్గరి చర్మం మీద వేలు పెట్టి అక్కడే కూర్చుంది. విద్యార్థిని కాబట్టి ఆ పని నాకు అప్పగించలేదు, అప్పగించకూడదు కూడా.

అక్కడ కూర్చునే ఆవిడ వార్డు మొత్తాన్ని నడిపింది. నేను ఆ రాత్రి నేర్చుకున్నదంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది.

"ఆయమ్మా, గడియారం చూడు. ఎంత?"

"ఒకటిన్నర."

"1:45కి నాకు గుర్తుచెయ్యి, మళ్లీ షుగర్ చూడాలి. ఈ పాప పక్కన నువ్వుండు, తిండి డబ్బా ఎక్కడుందో వెతికించు. అమ్మాయ్, నువ్వు ఇరవై ఒకటికి వెళ్లు. బీపీ, నాడి, ఊపిరి. చెయ్యి పట్టుకుని చూడు, గోరు నొక్కి చూడు. వచ్చి నాకు అంకెలు చెప్పు. నీ అభిప్రాయం వద్దు."

'ఎవరైనా బీపీ చూడండి' అని గాలిలోకి అనలేదు. అలా అంటే ఇద్దరు వెళ్తారు, లేదా ఎవరూ వెళ్లరు. ఒక్కొక్కరికీ మొహం చూసి ఒక్కో పని చెప్పింది. మేం చెప్పింది తిరిగి పలికేదాకా కళ్లు తిప్పుకోలేదు.

మంచం కింద తిండి డబ్బా దొరికింది. మనవరాలు మూత తీస్తే అన్నం వేలు పెట్టినట్టే లేదు. ఎనిమిదిన్నరకి సిస్టర్ "అన్నం తిన్నావా పెద్దమ్మా?" అని అడిగింది. "తిన్నానమ్మా" అని ముసలమ్మ, అవునన్నట్టు మనవరాలు. నోరు రుచి లేక తినలేదు, చెబితే తిడతారని చెప్పలేదు. కడుపులో అన్నం లేకుండా ఒంట్లో ఇన్సులిన్ పనిచేస్తూనే ఉంది. పైగా కిడ్నీలు నెమ్మదించినవాళ్లలో ఇన్సులిన్ త్వరగా కరిగిపోదు, మామూలు మోతాదే ఎక్కువసేపు లాగుతుంది. "నేనూ అడిగి ఊరుకున్నాను, డబ్బా మూత తీసి చూడలేదు" అంది సిస్టర్ ఆ తర్వాత. ఆ మాట ఒప్పుకోవాల్సిన అవసరం ఆవిడకు లేదు. నా మీద నెట్టేయడానికి కావాల్సినంత తప్పు నా దగ్గరుంది.

ఆసుపత్రిలో తోడుగా ఉండేవాళ్లకు ఒక్క మాట. ఇన్సులిన్ పడ్డాక మీ మనిషి తినకపోతే, తిన్నది కక్కుకుంటే, నర్సు నిద్రలో ఉందనుకుని మొహమాటపడకండి. లేపి చెప్పండి. ఆ కబురుకు చాలా విలువుంది.

నేను ఇరవై ఒకటి దగ్గర అంకెలు తీసుకుని తిరిగొచ్చాను. "నాడి 118, ఊపిరి 24, బీపీ 100/84. బీపీ బాగానే ఉంది సిస్టర్."

"బాగుందో లేదో అడగలేదు. రెండిటి మధ్య ఎంతుంది?"

"పదహారు."

"చెయ్యి?"

"చల్లగా ఉంది. గోరు నొక్కి వదిలితే మళ్లీ ఎర్రబడటానికి నాలుగు సెకన్లు పట్టింది."

ఆవిడ మొహం మారింది. నాకు ఎందుకో అర్థం కాలేదు. 100 అంటే మరీ తక్కువేం కాదు కదా అనుకున్నాను. సన్నటి అమ్మాయి, మామూలుగానే అంతుంటుందేమో.

డెంగీ గురించి మన ఊళ్లలో అందరికీ తెలిసింది ప్లేట్‌లెట్లు. రోజూ రిపోర్టు పట్టుకుని ఎన్నివేలున్నాయని అడుగుతారు, బొప్పాయి ఆకు రసం కోసం ఊరంతా తిరుగుతారు. ఈ జబ్బులో చాలామందిని పడగొట్టేది ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు, రక్తనాళాల గోడలు కారడం. రక్తంలోని నీటి భాగం నాళాల్లోంచి కడుపులోకి, ఛాతీలోకి ఊరిపోతుంది. అది మొదలయ్యేది జ్వరం మంట మీద ఉన్నప్పుడు కాదు. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగే వేళ. అంటే ఇంట్లోవాళ్లు గండం గడిచిందని ఊపిరి పీల్చుకునే సరిగ్గా అప్పుడు. ఒకటి రెండు రోజులు కారి, ఆ తర్వాత తనంతట తానే ఆగుతుంది. ఆ ఒకటి రెండు రోజులు దాటించడమే వైద్యం.

నాళాల్లో రక్తం తగ్గుతున్నప్పుడు శరీరం చేతుల్లో కాళ్లలో నాళాలను బిగించి, గుండెకు మెదడుకు అందేట్టు చూస్తుంది. ఆ బిగింపు వల్లే చేతులు చల్లబడతాయి. ఆ బిగింపు వల్లే బీపీలో కింది అంకె పైకి లేస్తుంది. పై అంకె మాత్రం చాలాసేపు పడకుండా నిలబడుతుంది. కాబట్టి పై అంకెను మాత్రమే చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. మామూలుగా రెండు అంకెల మధ్య 40 దాకా తేడా ఉంటుంది. డెంగీలో అది 20కి పడిందంటే షాక్ మొదలైనట్టే. ఇక్కడ 16. పై అంకె కూడా పడిపోయేదాకా ఆగితే, అప్పటికి శరీరం చేయగలిగిందంతా చేసి ఓడిపోయిందని అర్థం.

"వాంతులెన్ని? కడుపునొప్పి ఉందా? మూత్రం ఎప్పుడు పోసింది?" సిస్టర్ అడిగింది. నాకు తెలియదు. వాళ్లమ్మను అడిగితే అన్నీ చెప్పింది. పది గంటల నుంచి మూడు వాంతులు. కడుపునొప్పి అంటోంది. సాయంత్రం ఆరు తర్వాత మూత్రానికి లేవలేదు. ఆ తల్లి దగ్గర ఇంత సమాచారం ఉంది. ఒంటిగంటకి ఆవిడ వచ్చి మెల్లగా చెప్పిన ఆ ఒక్క వాంతి మాటకు నేను ఎదురు ప్రశ్న వేసి ఉంటే అప్పుడే బయటపడేది.

"ఫోన్ చెయ్యి" అంది సిస్టర్.

నేను డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌కి చేశాను. "సార్, ఇరవై ఒకటో బెడ్ అమ్మాయి కొంచెం డల్‌గా ఉంది సార్. వాంతులవుతున్నాయి. బీపీ వందుంది." ఆయన కింద క్యాజువాలిటీలో వేరే కేసుతో ఉన్నాడు. "సరే, వాంతులకి రాసిన ఇంజెక్షన్ ఇవ్వండి, కాస్త ఆగి వస్తా" అని పెట్టేశాడు. నేను చెప్పిన మాటలకు ఎవరైనా ఇచ్చే సమాధానం అదే.

అప్పటికి డెక్స్ట్రోజ్ సగం దాటింది, ముసలమ్మ కళ్లు తెరిచి "ఏంటే ఈ గోల?" అంటోంది. సిస్టర్ నన్ను అక్కడ నిలబెట్టి తనే ఫోన్ తీసుకుంది. ఆవిడ మాటలు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే.

"సార్, ఫీమేల్ మెడికల్ స్టాఫ్ నర్సుని. ఇరవై ఒకటి అమ్మాయికి డెంగీ షాక్ మొదలైందనుకుంటున్నాను. ఐదో రోజు, సాయంత్రం జ్వరం దిగింది, 48 కిలోలు. ఇప్పుడు బీపీ 100/84, నాడి 118, చేతులు చల్లగా ఉన్నాయి, ఏడు గంటలుగా మూత్రం లేదు. మీరు ఇప్పుడే రావాలి. ఈలోగా నేను రక్తం పంపిస్తాను, ఫ్లూయిడ్ ఎంత పెట్టమంటారు?"

అర నిమిషం పట్టింది. ఎవరు మాట్లాడుతున్నారు, ఏమైంది, వెనక కథేంటి, నేనేం అనుకుంటున్నాను, మీరేం చేయాలి. ఈ వరసకు ఐఎస్‌బార్ అని పేరుందని, దాని మూలం అమెరికా నౌకాదళంలో ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా సిస్టర్‌కి ఆ పేరు తెలుసో లేదో అనుమానమే. డాక్టరుకు ఏం వినిపిస్తే మెట్లెక్కి వస్తాడో ఆవిడకు తెలుసు. ఆయన అవతలి నుంచి ఏదో చెప్పాడు, ఆవిడ తిరిగి అప్పజెప్పింది: "రింగర్ లాక్టేట్, కిలోకి 10 లెక్కన, గంటలో ఒక సీసా. ఐదు వందలు. అంతేనా సార్?" నిద్రకళ్ల వేళ ఫోన్‌లో విన్న అంకెను అలా తిరిగి పలకకపోతే 50కి 500, 500కి 50 అవుతుంది.

ఆయమ్మ రక్తం సీసా పట్టుకుని ల్యాబుకి వెళ్లింది. వెళ్లేముందు, ఎవరూ అడక్కుండానే, "సిస్టరమ్మా, 1:45 అయింది" అని గుర్తుచేసింది. ముసలమ్మ షుగర్ 152.

డాక్టరు పది నిమిషాల్లో వచ్చాడు. రిపోర్టులో రక్తం చిక్కదనం, దాన్ని హెమటోక్రిట్ అంటారు, పొద్దున 38 ఉన్నది 46 అయింది. నీళ్లు కారిపోయి రక్తం ముద్దకడుతోందని దానర్థం. గంట తర్వాత నాడి 100 లోపుకు వచ్చింది, చేతులు వెచ్చబడ్డాయి, బీపీ 108/76. ఆయన ఫ్లూయిడ్ వేగం తగ్గించి రాశాడు. ఇక్కడ కంగారులో చేసే తప్పు ఇంకోటుంది. మంచి చేసింది కదా అని అదే వేగంతో పోనిస్తే, ఆ నీళ్లు కూడా కారి ఊపిరితిత్తుల చుట్టూ చేరతాయి. అందుకే గంటగంటకీ బీపీతో పాటు ఊపిరి లెక్కపెట్టాలి, మూత్రం కొలవాలి. ఆ పని సిస్టర్ నాకు అప్పగించింది. తెల్లవారేదాకా నేను ఆ అమ్మాయి మంచం చుట్టూ తిరిగాను.

తొమ్మిదినీ ఇరవై ఒకటినీ పక్కపక్కన పెట్టి, "ముందు ఎవరి దగ్గరికి?" అని విద్యార్థులను అడుగుతాను. వాదనలు బాగా జరుగుతాయి. మా సిస్టర్ లెక్క ఇది: ముసలమ్మకు ఉన్నది నిమిషాలు, మందు చేతిలోనే ఉంది, రెండు నిమిషాల్లో మొదలవుతుంది. అమ్మాయికి ఇంకాస్త వ్యవధి ఉంది, కానీ ఎంతుందో చూడందే తెలియదు. అందుకని ఆవిడ తను ఒకచోట కూర్చుని ఇంకొకరి కళ్లను రెండోచోటికి పంపింది. ఒక్క మనిషే ఉంటే ఈ లెక్క వేరేగా ఉండేది. నాలుగో మంచం దగ్గరికి దారిలో వెళ్తూ క్లాంపు మూసేసి పోవచ్చు, ఐదు సెకన్ల పనిని వరసలో నిలబెట్టక్కర్లేదు. పద్నాలుగో మంచం ఆవిడకు "అరగంటలో వస్తాను" అని చెప్పి, నిజంగానే అరగంటకు వెళ్లాలి. వెళ్లకపోతే ఇంకో రాత్రి ఆవిడ ఛాతీనొప్పి వచ్చినా పిలవదు.

ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో నాడి, ఊపిరి, బీపీ, స్పృహ లాంటివాటికి మార్కులు వేసి కూడే చార్టులు వచ్చాయి. వాటిలో పేరున్నది బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్ చార్టు. ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వెంటనే డాక్టరును పిలవాలి. ఆ రాత్రి ఆ అమ్మాయి అంకెలు దాని ప్రకారం కూడితే 6 వస్తుంది. అంటే నేను 'బాగానే ఉంది' అన్నది చార్టు బాగాలేదనేది. ముసలమ్మకైతే పిలిస్తే సరిగా పలకకపోవడానికే 3 పడిపోతాయి. చార్టు మంచిదే, కొత్తవాళ్లకు మరీ మంచిది. కాకపోతే బీపీలో రెండంకెల మధ్య తేడాను అది లెక్కలోకి తీసుకోదు. తడిసిన తలగడ గురించి దానికి ఎవరూ చెప్పరు.

మూడు గంటలకి ముసలమ్మ షుగర్ మళ్లీ 74కి జారింది. ఒంట్లో ఇన్సులిన్ ఇంకా ఉంది కాబట్టి అలా జరుగుతుందని సిస్టర్‌కి తెలుసు. అప్పటికే డాక్టరుతో 10 శాతం డెక్స్ట్రోజ్ రాయించి పెట్టుకుంది, బిస్కెట్లూ పాలూ తెప్పించింది. మొదటి రీడింగు 152 చూసి నేనైతే ఆ ముసలమ్మను హాయిగా మర్చిపోయేదాన్ని.

ఆరింటికి రక్తాలు తీయడం, టెంపరేచర్లు, పొద్దుటి ఇంజెక్షన్లు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఏడున్నరకి సిస్టర్ రిపోర్టు పుస్తకం నా ముందు పెట్టి తొమ్మిదో మంచం సంగతి రాయమంది. ఎన్నింటికి ఏం జరిగిందో వరసగా రాశాను. 1:25 దగ్గర మొదలుపెట్టాను, పేషెంట్ మత్తులో ఉంది, షుగర్ 38 అని.

ఆవిడ చదివి పుస్తకం వెనక్కి తోసింది. "ముందు లైను మిగిలిపోయింది."

పెన్ను తీసుకుని పైన ఉన్న ఖాళీలో రాశాను: '1:10 - పక్క తడిసిందని ఆయమ్మ చెప్పింది. పేషెంట్‌ను చూడలేదు.' కింద సంతకం పెట్టాను.